నిమ్మరసం కారిన దారిలో నల్లచారలు ఎందుకు పడ్డాయి?

ప్రశ్న: మొటిమల మచ్చలు పోతాయని పన్నెండు రోజుల కిందట నిమ్మరసంలో పసుపు కలిపి ముఖానికి పట్టించి, అది ఆరేలోగా ఎండలో బట్టలు ఆరేశాను. అప్పుడు కాస్త చురుక్కుమంది, అంతే. రెండో రోజుకి కుడి చెంప కాలినట్టు ఎర్రబడింది, దవడ కింద చారలుగా చిన్న పొక్కులు లేచాయి. ఇప్పుడు ఆ చారలు నల్లగా ఉన్నాయి. అంతకు వారం ముందు గడ్డం మీది రెండు మొటిమలకు టూత్‌పేస్ట్ పెట్టి పడుకున్నాను. అక్కడా రెండు గుండ్రటి నల్లమచ్చలు మిగిలాయి. ఈసారి ఒట్టి పసుపు రాస్తే నలుపు విరుగుతుందని అమ్మ అంటోంది. రాయనా?
— 23 ఏళ్ల పాఠకురాలు

సమాధానం: రాయకండి. ఒక నెలపాటు ముఖానికి వంటింట్లోంచి ఏదీ వద్దు. అమ్మగారి మాట కాదనడానికి కాదు. మీ ముఖం మీద ఇప్పుడున్నది పైన పట్టిన నలుపు కాదు, రుద్దితేనో పూత పూస్తేనో విరిగేది అంతకన్నా కాదు. చర్మం లోపల జరిగిన గాయానికి చర్మమే ఇచ్చిన జవాబు అది. ఆ గాయాన్ని మళ్లీ రేపితే జవాబు ఇంకా ముదురుతుంది.

మీరు రాసిన వివరాల్లో అన్నిటికన్నా పనికొచ్చేది ఆ మచ్చల ఆకారం. దవడ కింద చారలు, గడ్డం మీద గుండ్రాలు. ఆ రెండింటికీ కారణాలు వేరు.

ముందు చారల సంగతి. నిమ్మరసం చర్మాన్ని రెండు రకాలుగా దెబ్బ తీస్తుంది. మొదటిది పులుపు. ఆరోగ్యంగా ఉన్న చర్మం పైపొర కూడా కొంచెం పుల్లనిదే, దాని పీహెచ్ 5 దగ్గర ఉంటుంది. నిమ్మరసం పీహెచ్ 2 నుంచి 2.5. అంకెల్లో తేడా చిన్నదిగా కనిపిస్తుంది గానీ, పీహెచ్ ఒక్క అంకె తగ్గితే ఆమ్లత పది రెట్లు పెరుగుతుంది. ఆ లెక్కన చర్మానికి అలవాటైన పులుపు కన్నా నిమ్మరసం కొన్ని వందల రెట్లు ఘాటు. మీకు అప్పుడే చురుక్కుమన్నది దానివల్లే. చాలామంది ఆ చురుకును ‘పని చేస్తోంది’ అనుకుంటారు. అది పైపొర దెబ్బతింటోందన్న కబురు. నిమ్మకాయలో విటమిన్ సి ఉంది కదా, అదే మచ్చలు తగ్గిస్తుంది కదా అనే మాట కూడా ఇక్కడ నిలవదు. వంద మిల్లీలీటర్ల నిమ్మరసంలో విటమిన్ సి సుమారు 40, 50 మిల్లీగ్రాములు ఉంటే, సిట్రిక్ ఆమ్లం 5 గ్రాముల దాకా ఉంటుంది. అంటే మీరు ముఖానికి రాసుకున్నది ప్రధానంగా సిట్రిక్ ఆమ్లం. విటమిన్ సి అందులో నామమాత్రం.

రెండో దెబ్బ ఎండతో కలిసి తగిలేది, మీకు ఎక్కువ నష్టం చేసింది ఇదే. నిమ్మజాతి కాయల్లో, ముఖ్యంగా తొక్కలోని నూనెలో, ఫ్యూరోకౌమరిన్లు అనే పదార్థాలు ఉంటాయి. కాయ పిండేటప్పుడు తొక్కలోంచి సన్నగా చిమ్మే తుంపర ఉంటుంది చూడండి, అందులో ఇవి ఉంటాయి, రసంలోనూ కలుస్తాయి. నీడలో ఉన్నంతసేపూ ఇవి ఊరికే ఉంటాయి. వాటి మీద ఎండలోని యూవీఏ కిరణం పడిందంటే చర్మకణాలను లోపలినుంచి కాల్చేస్తాయి. రాసుకున్నాక అరగంట నుంచి రెండు గంటల మధ్య చర్మం దీనికి బాగా లొంగి ఉంటుంది. తడిగా ఉంటే, చెమట పడితే మరీను. మీరు సరిగ్గా తడి ఆరకముందే ఎండలోకి వెళ్లారు. దీనివల్ల కలిగే మంటా ఎరుపూ వెంటనే రావు. దాదాపు ఒక రోజు గడిచాక మొదలై, రెండు మూడు రోజులకు తారస్థాయికి చేరతాయి. అందుకే చాలామందికి నిమ్మరసం మీద అనుమానమే రాదు, నిన్న తిన్నదేదో పడలేదనుకుంటారు. ఇది ఎలర్జీ కాదు కాబట్టి దురద కన్నా మంట ఎక్కువ. అంతా తగ్గిందనుకున్న ఒకటి రెండు వారాలకు, రసం పాకిన చోటల్లా నలుపు తేలుతుంది. మీ దవడ కింది చారలు రసం కారిన దారులు. ఒకసారి మీ వేళ్ల సందుల్లో, మణికట్టు దగ్గర కూడా చూసుకోండి. కాయ పిండిన చేతికి అలాంటి చుక్కలో చారలో కనిపిస్తే ఇక సందేహం అక్కర్లేదు.

గడ్డం మీది గుండ్రాలకు ఎండతో పని లేదు. టూత్‌పేస్ట్ పంటి మీది ఎనామిల్ కోసం తయారైనది, ఒంట్లో అంతకన్నా గట్టి పదార్థం లేదు. అందులో మెత్తటి గరుకుపొడి ఉంటుంది, నురగ వచ్చేందుకు సోడియం లారిల్ సల్ఫేట్ ఉంటుంది, ఘాటైన పుదీనా నూనెలు ఉంటాయి. నోట్లో అది రెండు నిమిషాలు ఉండి, లాలాజలంతో పలచబడి, పుక్కిలిస్తే పోతుంది. మొటిమ మీద మాత్రం మీరు దాన్ని ఏడెనిమిది గంటలు ఉంచారు, అదీ ఎండి చిక్కబడేలా. సోడియం లారిల్ సల్ఫేట్ గురించి ఒక్క విషయం చెబితే చాలు: చర్మం మంటల మీద పరిశోధన చేసేవాళ్లు కావాలని చర్మాన్ని రేపాల్సి వచ్చినప్పుడు పలచగా కలిపి పూసేది దాన్నే. పొద్దున్నకి మొటిమ ‘ఎండిపోయినట్టు’ కనిపించడం నిజమే. ఎండింది మొటిమ ఒక్కటే కాదు, దాని చుట్టూ ఉన్న పైపొర కూడా. చల్లగా అనిపించడం ఆ పుదీనా నూనెలోని మెంథాల్ చేసే పని. అది చలిని గుర్తించే నరాలను తడుతుందే గానీ వాపు తగ్గించదు. పేస్ట్ ఎంతమేర పెట్టారో అంతమేరే పొక్కు కట్టి ఊడుతుంది కాబట్టి మచ్చ అంచు గీత గీసినట్టు గుండ్రంగా మిగులుతుంది.

ఇక పసుపు. మిగిలిన రెండిటితో పోలిస్తే ఇది నెమ్మదైనదే, దాన్ని ఆ రెండిటితో ఒకే గాటన కట్టడం న్యాయం కాదు. దెబ్బతినని చర్మం మీద చాలామందికి పసుపు ఏమీ చేయదు. ఇబ్బంది మూడు చోట్ల వస్తుంది. కొందరికి పసుపే పడదు. రాసిన ఒకటి రెండు రోజులకు దురదతో కూడిన ఎర్రటి దద్దు లేస్తుంది, రాసిన హద్దు దాటి కూడా పాకుతుంది, మళ్లీ రాస్తే ఈసారి ఇంకా తొందరగా వస్తుంది. అలాంటి దద్దు మానాక కూడా నలుపే మిగులుతుంది. రెండోది కల్తీ. పొడికి రంగు రావడానికి మెటానిల్ ఎల్లో అనే అద్దకపు రంగునూ, సీసం ఉన్న లెడ్ క్రోమేట్‌నూ కలిపిన సందర్భాలు బయటపడ్డాయి. పొక్కులు లేచి పైపొర లేచిపోయిన చర్మానికి అడ్డుకునే శక్తి ఉండదు, అలాంటి చోట పొడి ఏదైనా సరే పూయకూడదు. మూడోది రంగు. పసుపులోని కర్కుమిన్ నీళ్లలో కరగదు, నూనెలో కరుగుతుంది. చర్మం పొడిబారి పొట్టు లేస్తున్న చోట బాగా పట్టుకుని, మచ్చ ఎంత తగ్గిందో కనిపించనివ్వదు.

రంగు గురించే ఇంకో మాట. కర్కుమిన్‌కు క్షారం తగిలితే ఎర్రగా, ఇటుకరంగుగా మారుతుంది. మామూలు సబ్బు క్షారమే. పసుపు రాసుకుని సబ్బుతో కడగగానే ఎర్రగా కనిపిస్తే అది కాలడం కాకపోవచ్చు, ఒట్టి రంగు మార్పు కావచ్చు. తేల్చుకోవడం తేలిక. చర్మం ఎక్కడా చిట్లకుండా ఉంటే, దూది మీద రెండు చుక్కల వంటనూనె వేసి మెల్లగా ఒత్తి తీయండి. దూదికి పసుపు అంటి చర్మం రంగు తేలికపడితే అది మరక, రెండు మూడు రోజుల్లో దానంతటదే పోతుంది. దూది తెల్లగానే ఉండి, చర్మం వెచ్చగా, తాకితే నొప్పిగా ఉంటే అది నిజమైన ఎరుపు.

గాయం మానినా నలుపు ఎందుకు ఉండిపోతుందంటే, చర్మం పైపొర అడుగున రంగు తయారుచేసే కణాలు ఉంటాయి. వాపు వచ్చినప్పుడు వెలువడే రసాయనాలు వాటిని రెచ్చగొడతాయి, అవి మామూలు కన్నా ఎక్కువ మెలనిన్ చేసి చుట్టుపక్కల కణాలకు పంచుతాయి. చామనఛాయ, నలుపు ఛాయ ఉన్నవాళ్లలో ఈ స్పందన ఎక్కువ, అందుకే అదే కాలుడు తెల్లటివాళ్లలో ఎరుపుగా పోతే మనలాంటివాళ్లలో నల్లగా ఉండిపోతుంది. ఆ రంగు పైపొరలోనే ఉంటే మచ్చ గోధుమరంగులో కనిపిస్తుంది, పైపొర ఊడి కొత్తది వస్తున్నకొద్దీ కొన్ని నెలల్లో పలచబడుతుంది. గాయం లోతుగా తగిలితే రంగు కింది పొరలోకి జారి బూడిద, నీలం కలిసిన నలుపులా కనిపిస్తుంది. అది పోవడానికి ఏళ్లు పట్టొచ్చు. కిటికీ దగ్గర పగటి వెలుగులో చూసుకోండి. మీరు రాసినదాన్ని బట్టి పైపొర రంగే ఉండే అవకాశం ఎక్కువ. దాన్ని కిందికి దిగనివ్వకపోవడమే ఇప్పుడు మన పని.

ముందుగా చర్మం మూసుకుందో లేదో చూడండి. గోరువెచ్చటి నీళ్లతో ముఖం కడిగి, తుడవకుండా మెత్తటి గుడ్డతో అద్ది, ఏమీ రాయకుండా పది నిమిషాలు ఆగండి. ఎక్కడైనా మండినా, బిగుసుకున్నట్టున్నా, తడి ఊరినా, పొట్టు లేస్తున్నా ఇంకా మూసుకోలేదన్నమాట. అలా ఉన్నంతకాలం చేయాల్సింది చాలా తక్కువ. రోజుకు రెండుసార్లు వాసన లేని మెత్తటి క్లెన్సర్‌తో చేతివేళ్లతోనే కడగడం, చర్మం కాస్త చెమ్మగా ఉండగానే పెట్రోలియం జెల్లీ పలచగా రాయడం, ఎండకు దూరంగా ఉండడం. పొక్కు ఏదైనా మిగిలి ఉంటే చిదమకండి. పొట్టు ఊడుతుంటే లాగకండి, స్క్రబ్ అసలే వద్దు. మొటిమలు ఎక్కువగా వచ్చే చోట జెల్లీ బదులు వాసన లేని పలచటి మాయిశ్చరైజర్ రాసినా సరే.

చర్మం మూసుకున్నాక మొదట మొదలుపెట్టాల్సింది సన్‌స్క్రీన్. మచ్చలు తగ్గించే మందు కన్నా ముందు ఇది. అది లేకుండా ఏ మందు వాడినా రాత్రి తగ్గించిన రంగును పగలు ఎండ తిరిగి తెచ్చేస్తుంది. డబ్బా మీద ఎస్‌పీఎఫ్ 30 గానీ అంతకన్నా ఎక్కువ గానీ, దాంతోపాటు యూవీఏ నుంచి రక్షణ అని గానీ ‘బ్రాడ్ స్పెక్ట్రమ్’ అని గానీ ఉండాలి. ఉత్త ఎస్‌పీఎఫ్ అంకె ఎక్కువగా చెప్పేది వేరే కిరణం సంగతి. కొలత: చూపుడువేలు, మధ్యవేలు పొడవునా రెండు గీతలు పిండితే ముఖానికీ మెడకూ సరిపోతుంది. చాలామంది అందులో సగం కూడా రాయరు, తర్వాత సన్‌స్క్రీన్ పనిచేయలేదంటారు. దవడ కింద, మెడ పక్కన మర్చిపోకండి, మీ చారలున్నది అక్కడే. బయట ఉంటే రెండు గంటలకోసారి మళ్లీ రాయాలి. రాస్తే మండుతోందనుకుంటే జింక్ ఆక్సైడ్ ఉన్నది తీసుకోండి, అది నెమ్మదిగా ఉంటుంది. ఇంకా మంచిది చర్మపు రంగు కలిసిన సన్‌స్క్రీన్. అందులోని ఐరన్ ఆక్సైడ్లు కంటికి కనిపించే వెలుగును కూడా కొంత ఆపుతాయి. మన ఛాయ చర్మంలో ఆ వెలుగు కూడా నలుపును పెంచుతుంది, మామూలు సన్‌స్క్రీన్ దాన్ని ఆపలేదు.

సన్‌స్క్రీన్ రాస్తూ మరో రెండు వారాలు చర్మం నిలకడగా ఉంటే, అప్పుడు ఒకే ఒక్క మందు మొదలుపెట్టండి. మీ విషయంలో అజెలాయిక్ ఆమ్లం 10 శాతం క్రీము సరైన ఎంపిక. పేరులో ఆమ్లం ఉంది కదా, నిమ్మరసానికీ దీనికీ తేడా ఏమిటి అని అడగొచ్చు. తేడా పేరులో లేదు, తయారీలో ఉంది. ఎంత శాతం ఉండాలో, పీహెచ్ ఎంత ఉండాలో, చర్మం మీద ఎంత నెమ్మదిగా దిగాలో కొలిచి చేసినది ఇది. ఎండ తగిలితే కాల్చే ఫ్యూరోకౌమరిన్లు ఇందులో లేవు. ఎక్కువ రంగు చేస్తున్న కణాలనే అణుస్తుంది, మొటిమల మీదా పనిచేస్తుంది. మీకు రెండూ ఉన్నాయి.

దీన్ని కూడా నేరుగా ముఖానికి ఎక్కించకండి. మోచేతి మడతలో రూపాయి బిళ్లంత చోట రోజుకు రెండుసార్లు చొప్పున వారం రోజులు రాసి చూడండి. పడనివి చాలావరకు రెండో రోజో మూడో రోజో దద్దుగా బయటపడతాయి, ఒక్క రాత్రి పరీక్షలో దొరకవు. ఏమీ రాకపోతే రాత్రిపూట, పొడి చర్మం మీద, ముఖమంతటికీ శనగగింజంత తీసుకుని పలచగా రాయండి. మొదటి రెండు వారాలు రోజు విడిచి రోజు, తర్వాత రోజూ. రాసిన ఐదు పది నిమిషాలు చిమచిమలాడడం మామూలే. అరగంట దాటి మండితే, మర్నాటికి ఎరుపు మిగిలితే ఆపేసి నాలుగు రోజులు మాయిశ్చరైజర్‌తోనే గడిపి, వారానికి రెండుసార్లతో మళ్లీ మొదలుపెట్టండి. మండినా ఓర్చుకుని రాస్తే నలుపు పెరుగుతుందే గానీ తగ్గదు. నిమ్మరసం విషయంలో జరిగింది అదే కదా. అది పడకపోతే నయాసినమైడ్ 4, 5 శాతం ఉన్నది ఇంకా మెత్తన, కానీ ఫలితం నెమ్మది.

తేడా తెలియడానికి ఎనిమిది నుంచి పన్నెండు వారాలు పడుతుంది. రోజూ అద్దంలో చూసుకుంటే ఏ మార్పూ కనిపించదు, ఆ నిరాశలోనే మళ్లీ ఏదో ఒకటి తెచ్చి పూసేస్తారు. రెండు వారాలకోసారి అదే కిటికీ దగ్గర, అదే వేళకు, ఒక ఫొటో తీసి పెట్టుకోండి. మచ్చ నడుమ కన్నా అంచులు ముందు మసకబారడం మంచి గుర్తు.

కొత్తగా మొటిమ వస్తే టూత్‌పేస్ట్ స్థానంలో బెంజాయిల్ పెరాక్సైడ్ 2.5 శాతం జెల్ వాడండి. 5, 10 శాతాలు ఎక్కువ మేలు చేస్తాయని అనుకుంటారు గానీ, మొటిమల మీద 2.5 శాతం కూడా దాదాపు అంతే పనిచేస్తుంది, మంట మాత్రం తక్కువ. మచ్చలున్న చర్మం పూర్తిగా మానాకే, రోజు విడిచి రోజు రాయండి, అది రాసే రాత్రి అజెలాయిక్ మానేయండి. దిండుగలీబు, తువాలు మీద తగిలితే రంగు వెలిసిపోతుంది, తెల్లవి వాడుకోండి. ఇప్పటికే చిట్లిన మొటిమకైతే మందు కూడా వద్దు. మెడికల్ షాపుల్లో దొరికే హైడ్రోకొల్లాయిడ్ అతుకు ఒకటి అంటిస్తే రసి పీల్చుకుంటుంది, మీ గోరు దాన్ని తాకకుండా కాపలా కూడా కాస్తుంది.

ఒక్క విషయంలో మాత్రం గట్టిగా చెప్పాలి. ఈ నలుపు చూసి ఎవరో ఒకరు ‘వారంలో తెల్లబడుతుంది’ అని ఒక క్రీము చేతిలో పెడతారు. ట్యూబు వెనక పేర్లు చదవండి. క్లోబెటసాల్, బీటామెథసోన్, మొమెటసోన్, ఫ్లూసినోలోన్ లాంటి పేరు కనిపిస్తే అది స్టెరాయిడ్. మొదటి వారం నిజంగానే అద్భుతంగా ఉంటుంది. నెలలు వాడితే చర్మం పలచబడి సన్నటి ఎర్రనరాలు కనిపిస్తాయి, మొటిమలు, ముఖం మీద వెంట్రుకలు పెరుగుతాయి, ఆపితే ముఖమంతా మండుతూ ఎర్రబడుతుంది, ఆ మంట ఓర్వలేక మళ్లీ రాస్తారు. హైడ్రోక్వినోన్ మంచి మందే, కానీ డాక్టర్ రాసిచ్చిన గడువు దాటి వాడితే అదే మచ్చలను ఇంకా నల్లబరచగలదు. ఈ రెండూ చర్మవ్యాధుల డాక్టర్ చూసి రాస్తేనే. ఇప్పటికే అలాంటిది ఏదైనా వాడుతుంటే ఉన్నట్టుండి ఆపకుండా ట్యూబు పట్టుకుని వెళ్లండి.

చీము, జ్వరం, రోజురోజుకూ పాకుతున్న ఎరుపు ఉంటే ఈ సమాధానం పక్కనపెట్టి అదే రోజు డాక్టర్ దగ్గరకు వెళ్లండి. మచ్చ బూడిదరంగులోకి తిరిగినా, ఆ చోట చర్మం గట్టిపడి పైకి ఉబ్బుతున్నా, మూడు నెలలు జాగ్రత్తగా ఉన్నా ఫొటోల్లో తేడా లేకపోయినా కూడా వెళ్లాలి.

ఇంట్లో ఇంకెవరికైనా ఇదే జరిగితే మొదటి ఇరవై నిమిషాలే కీలకం. నిమ్మరసమైనా టూత్‌పేస్ట్ అయినా, చల్లటి కొళాయి నీళ్లు ధారగా ఇరవై నిమిషాలు పట్టాలి. ఐసు వద్దు, అది దెబ్బతిన్న చర్మాన్ని ఇంకోసారి దెబ్బతీస్తుంది. పులుపును విరగ్గొడదామని వంటసోడా రాయకండి. ఆమ్లం మీద క్షారం పోస్తే కాలిన చోటే మరో రసాయనం రాసినట్టు. కంట్లో పడితే రెప్పలు విప్పి పట్టుకుని పదిహేను ఇరవై నిమిషాలు నీళ్లు పోసి నేరుగా కంటి డాక్టర్ దగ్గరకు వెళ్లాలి. నిమ్మరసం తగిలినవాళ్లు నీళ్ల తర్వాత ముఖం, మెడ, చేతులు మెత్తటి సబ్బుతో ఓసారి కడుక్కుని, ఆ రోజూ మర్నాడూ ఎండలోకి వెళ్లకూడదు, ఎండ పడే కిటికీ పక్కనా కూర్చోకూడదు. యూవీఏ అద్దం గుండా లోపలికి వస్తుంది. పిండిన చేతిని కడగడం అందరూ మర్చిపోతారు, చెంప బాగుపడ్డాక వేళ్ల మీద నల్లచారలు తేలేది అందుకే.